ఛాతీ నొప్పి, 3వ పాఠం: వేలితో నొక్కి చూడటం

గత రెండు పాఠాలలో నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో, శ్వాస ఎన్నిసార్లు ఆడుతుందో లెక్కించడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో నేర్చుకునే పరీక్షను ఆ రెండింటి తరువాతే చేయాలి. ఛాతీ మీద బరువు పెట్టినట్లున్నా, నొప్పి చేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం కనిపించినా నొక్కి చూస్తూ కాలం గడపకుండా 108కి ఫోన్ చేయాలి.

అవేవీ లేనప్పుడు గొంతు కింది గుంటలో వేలు పెట్టి, రొమ్ము ఎముక మీదుగా నెమ్మదిగా కిందికి జరపండి. సుమారు మూడు వేళ్ల వెడల్పు దిగాక అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దానికి ఇరువైపులా కలిసేది రెండవ పక్కటెముక. అక్కడి నుంచి ఒక్కొక్క ఎముకనే లెక్కిస్తూ, అది రొమ్ము ఎముకతో కలిసే చోట ఒకే వేలి కొనతో నొక్కండి. రెండో వైపు కూడా అదే చోట అంతే బలంతో నొక్కి పోల్చండి. గట్టిగా నొక్కితే ఎవరికైనా నొస్తుంది కాబట్టి, "నొప్పిగా ఉందా?" అని కాక, "మీరు చెప్పిన నొప్పి ఇదేనా?" అని అడగాలి.

ఉదాహరణకు, 32 ఏళ్ల వ్యక్తి 25 కిలోల బియ్యం బస్తాలను మేడ మీదికి మోశాడు. మరునాటి ఉదయం దీర్ఘంగా ఊపిరి తీసినా, ఎడమ చెయ్యి పైకెత్తినా ఛాతీలో సూదితో పొడిచినట్లు నొప్పి. నాడి 78, శ్వాస 16, జ్వరం లేదు. ఎడమవైపు నాలుగవ ఎముక కలిసే చోట నొక్కగానే "ఇదే" అన్నాడు. ఇది కండరం బెణకడమో, పక్కటెముకను రొమ్ము ఎముకతో కలిపే మృదులాస్థి వాయడమో అయ్యే అవకాశం ఎక్కువ. బరువులు మానేసి, కాపడం పెట్టుకుంటే సాధారణంగా కొన్ని రోజులలో తగ్గుముఖం పడుతుంది.

ఇప్పుడు కొన్ని వివరాలు మార్చి చూడండి. అతనికి కాలు విరిగి మూడు వారాలుగా కట్టుతో మంచం మీద ఉన్నాడు, పిక్క ఒకటి వాచింది, శ్వాస 26. నొక్కిన చోట నొప్పి మాత్రం అలాగే ఉంది. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తిలోకి చేరితే, దాని పైపొర వాచి, ఊపిరి తీసిన ప్రతిసారీ రాసుకొని ఇలాగే పొడిచినట్లు నొస్తుంది. ఆ చోట నొక్కితే నొప్పి పుట్టడమూ ఉంది. అందువల్ల ఊపిరితో నొప్పి పెరగడం ఒక్కటే చూసి అది కండరానిదని నిర్ణయించకూడదు. ఇతనిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

గుండెపోటు వచ్చినవారిలో కూడా కొందరికి నొక్కితే నొప్పి ఉంటుంది. నలభై దాటినవారు, మధుమేహం లేదా రక్తపోటు ఉన్నవారు, పొగతాగేవారు నొక్కినప్పుడు "ఇదే" అన్నా సరే, ఆ రోజే ఈసీజీ తీయించుకోవాలి.

వచ్చే పాఠంలో పడుకుంటే పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గే నొప్పిని, అంటే గుండె చుట్టూ ఉండే పొర వాపును పరిశీలిస్తాం. ఈలోగా నొప్పి లేని ఒకరి మీద రెండవ ఎముక నుంచి ఐదవ ఎముక వరకు లెక్కించడం సాధన చేయండి.