కంపెనీ పాత పేర్లు, పుట్టిన తేదీ ఇలా తేల్చుకున్నా

వరంగల్‌లో ఒక జిన్నింగ్ కంపెనీ మీద కథనం రాస్తుంటే, అది పెట్టిన ఏడాది ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్పారు. వెబ్‌సైట్, పాత బ్రోచర్, "మీ చరిత్ర చెప్పండి సార్" అన్న మెయిల్, ఏవీ పనిచేయలేదు.

చివరికి లెటర్‌హెడ్ మీది సీఐఎన్, అంటే ప్రతి కంపెనీకి రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే గుర్తింపు సంఖ్య, చూశా. అందులో రాష్ట్రం కోడ్ తర్వాతి నాలుగు అంకెలే రిజిస్ట్రేషన్ ఏడాది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో పూర్తి తేదీ తీసుకుని, దాన్నే ముందు పెట్టి కంపెనీ సెక్రటరీకి మళ్లీ రాశా:

"సార్, నమస్తే. రికార్డులో ఉన్న ఈ తేదీ సరైనదేనా? పాత పేర్లు, మారిన తేదీలు సర్టిఫికెట్ల ప్రకారం చెప్పగలరా? అంతకుముందు భాగస్వామ్య సంస్థగా నడిచిందా? గురువారంలోగా చెప్తే అచ్చుకు అందుతుంది."

ఆ చివరి ప్రశ్నే ముడి విప్పింది. వ్యాపారం ముందే మొదలైందట, కంపెనీగా మారింది తర్వాత. రెండు తేదీలూ వేశాం. చిన్న ప్రైవేటు కంపెనీల్లో సెక్రటరీ ఉండకపోవచ్చు, అక్కడ డైరెక్టర్‌నే అడగాలేమో.