జెర్సీ కొనేముందు ఫొటోల్లో ఏం చూడాలి

పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ దగ్గర పడుతుంటే పాత జెర్సీలు, "ఒక్కసారే వేసుకున్నాను" జెర్సీలు కుప్పలుగా అమ్మకానికొస్తాయి. చేత్తో పట్టుకుని చూసే వీలుండదు, ఉన్నవల్లా నాలుగు ఫొటోలు. వాటితోనే చాలా తేల్చుకోవచ్చు.

చాలామంది బ్యాడ్జ్ కుట్టి ఉంటే ఒరిజినల్, అతికించి ఉంటే డూప్లికేట్ అనుకుంటారు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఈమధ్య ఏళ్లలో అడిడాస్‌లో ఆటగాళ్లు మైదానంలో వేసుకునే రకానికి, అంటే ప్లేయర్ వెర్షన్లకి, బరువు తగ్గించడానికి బ్యాడ్జ్‌ని వేడితో అతికిస్తున్నారు, కుట్టిన బ్యాడ్జ్ ఎక్కువగా అభిమానుల కోసం చేసే ఫ్యాన్ వెర్షన్లకే ఉంటుంది. గుడ్డ సంగతీ అంతే, 2022 నాటి జెర్సీల్లో ప్లేయర్ వెర్షన్ మీద HEAT.RDY అని, ఫ్యాన్ వెర్షన్ మీద AEROREADY అని ఉంటుంది. అందుకని బ్యాడ్జ్ బాగుందా లేదా అనేకంటే ముందు ట్యాగ్, బ్యాడ్జ్, గుడ్డ మూడూ ఒకే వెర్షన్ గురించి చెబుతున్నాయా లేదా చూడండి.

ఉదాహరణకి ఎవరో అర్జెంటీనా 2022 జెర్సీ పెట్టి "ప్లేయర్ వెర్షన్, ఫైనల్‌కి ముందే కొన్నాను" అంటున్నారనుకుందాం. ఫొటోలో బ్యాడ్జ్ కుట్టి ఉంది, మీద మూడు నక్షత్రాలు, కింద AEROREADY. వరల్డ్ కప్ ఫైనల్ జరిగింది 2022 డిసెంబర్ 18న. ఆ టోర్నీలో జట్టు ఆడింది రెండు నక్షత్రాల జెర్సీతో, మూడో నక్షత్రం కప్పు గెలిచాక వచ్చింది, కాబట్టి "ముందే కొన్నాను" అన్నది అబద్ధం. కుట్టిన బ్యాడ్జ్, AEROREADY కలిస్తే అది ఫ్యాన్ వెర్షన్, కాబట్టి "ప్లేయర్ వెర్షన్" కూడా తప్పే. అలాగని జెర్సీ నకిలీ అని ఇంకా తేలలేదు, తర్వాత వచ్చిన మూడు నక్షత్రాల ఫ్యాన్ వెర్షన్ నిజమైనదే కావచ్చు, అమ్మేవాడే ఎక్కువ చేసి చెబుతున్నాడేమో. అది తేల్చాలంటే లోపలికి వెళ్లాలి.

పక్క కుట్టు దగ్గర ఉండే ట్యాగ్‌లని ఒక్కొక్కటీ తిప్పి, రెండు వైపులా ఫొటో తీసి పంపమనండి. ఉతికే సూచనలున్న పెద్ద ట్యాగ్ ఎవరైనా అచ్చేస్తారు, మనకి కావలసింది చిన్న ట్యాగ్ మీద ఉండే ప్రోడక్ట్ కోడ్. ఇప్పటి అడిడాస్‌లో అది సాధారణంగా రెండు అక్షరాలు, నాలుగు అంకెలు. నైకీలో ఆరు అక్షరాలు-అంకెలు, గీత, మళ్లీ మూడు అంకెలు. దాన్ని సెర్చ్‌లో వేస్తే సరిగ్గా అదే జెర్సీ, అదే రంగు, అదే వెర్షన్ రావాలి. వేరే జట్టు జెర్సీయో, షార్ట్సో వస్తే ఇక ఆలోచించక్కర్లేదు, నకిలీవాళ్లు ఒకే కోడ్‌ని అన్నిటికీ కుట్టేస్తుంటారు. కోడ్ సరిపోయినంత మాత్రాన పండగ చేసుకోకండి, సరైన కోడ్‌ని కాపీ కొట్టడం పెద్ద పనేం కాదు. ట్యాగ్ గుచ్చుకుంటోందని కత్తిరించుకునేవాళ్లూ ఉంటారు, అప్పుడు మిగతా రెండింటి మీదే ఆధారపడాలి.

బ్యాడ్జ్‌ని దగ్గరగా ఒక ఫొటో, జెర్సీ తిరగేసి బ్యాడ్జ్ వెనక వైపు ఇంకో ఫొటో అడగండి, లైట్ ఎదురుగా కాకుండా పక్కనుంచి పడాలి, అప్పుడే దారాల ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. ముందు వైపు సన్నటి అక్షరాలు చూడండి. ఒక అక్షరం నుంచి పక్కదానికి దారం దాటిపోయి ఉంటే, అక్షరాల మధ్య ఖాళీలు పూడుకుపోయి ముద్దలా ఉంటే, అంచు కుట్టు ఒకచోట దట్టంగా ఇంకోచోట పలచగా ఉంటే అనుమానించండి. వెనక చించి వదిలేసిన కాగితం లాంటి ముక్కలు, ముడులు, వేలాడే దారాలు ఉన్నా అంతే. బ్యాడ్జ్ చుట్టూ గుడ్డ ముడతలు పడి లాగినట్టుంటే మాత్రం ఒక్కదానితోనే తీర్పు చెప్పకండి, వేడి నీళ్లలో ఉతికినా అలా కావచ్చు.

ఇక అల్లిక. గుడ్డని చదునుగా పరిచి బాగా దగ్గరనుంచి తీసిన ఫొటో కావాలి, బ్రాండ్ సైట్లో అదే వెర్షన్ క్లోజప్ పక్కన పెట్టి రంధ్రాల ఆకారం, వరసల దిశ పోల్చండి. ఒరిజినల్‌లో డిజైన్ అల్లికలోనే ఉంటే లోపలి వైపు కూడా దాని జాడ కనబడాలి. లోపల నున్నగా ఉండి డిజైన్ పైన మాత్రమే అచ్చయి ఉంటే అది వేరే గుడ్డ. అచ్చు వేసే ఒరిజినల్స్ కూడా ఉన్నాయి, అందుకే ఆ వెర్షన్ ఫొటోతోనే పోల్చాలి. సన్నటి మెష్‌ని ఫోన్‌తో తీస్తే అలల్లాంటి చారలు వస్తాయి, అది కెమెరా తంతు, కాస్త దూరం మార్చి మళ్లీ తీయమంటే పోతాయి.

అడిగిన ఫొటోలన్నిటిలో జెర్సీ పక్కన ఆ రోజు తేదీ రాసిన చీటీ పెట్టమనండి, లేకపోతే ట్యాగ్ ఒక జెర్సీది, బ్యాడ్జ్ ఇంకో జెర్సీది వచ్చినా మీకు తెలియదు.