అమ్మమ్మకు వాయిస్ చాట్‌బాట్ నేర్పడం ఎలా? మా ఇంట్లో ఓవెన్ చెప్పిన పాఠం

మా అమ్మ ఆర్నెల్లు ఉందామని జూన్‌లో తెనాలి నుంచి డాలస్ వచ్చింది. పగలు మేమిద్దరం ఆఫీసు పనిలో, పిల్లలు సమ్మర్ క్యాంపులో. మధ్యాహ్నం రెండింటికి వంటలో ఏదైనా సందేహం వస్తే తెనాలికి ఫోన్ చేయడానికి వీల్లేదు, అక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. నన్ను అడగాలంటే నేను మీటింగ్‌లో ఉంటాను. అందుకని ఆవిడ ఫోన్‌లో మాటతో నడిచే చాట్‌బాట్ ఒకటి పెట్టి నేర్పాను. నేర్పడానికి రెండు వారాలు పట్టింది. అందులో సగం నా తప్పుల వల్లే. మీ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో నేర్పాలనుకుంటే ఈ వరసలో వెళ్ళండి.

1. ముందు భాష, తర్వాత బటన్

యాప్ సెట్టింగుల్లో మాట్లాడే భాష ఎంచుకునే చోటు ఉంటుంది. దాన్ని ‘ఆటోమేటిక్’లో వదలకుండా తెలుగు పెట్టండి. అమ్మ ‘కుక్కర్’, ‘స్టవ్’ కలిపి తెలుగులో మాట్లాడితే అది ఒకసారి హిందీ అనుకుంది, ఇంకోసారి తమిళం అనుకుంది. తెలుగు పెట్టాక ఆ గొడవ తగ్గింది. తర్వాత ఆ యాప్ గుర్తును ఫోన్ తెరిచిన వెంటనే కనిపించే మొదటి పేజీలో, కింద, బొటనవేలు అందే చోట పెట్టండి. పక్కన ఇంకే గుర్తూ ఉండకూడదు. అమ్మ వేలు తగిలి రెండు వీడియో కాల్స్ వెళ్ళాక నాకు ఈ సంగతి తెలిసింది.

2. ఆగకుండా అడగడం

పెద్దవాళ్ళు మాటల మధ్య ఆగుతారు. ‘మినప్పప్పు... అదే... నిన్న నానబెట్టాను కదా...’ అని అమ్మ ఆగేసరికి ప్రశ్న అయిపోయిందనుకుని అది జవాబు మొదలుపెట్టేది. ‘నన్ను పూర్తిగా చెప్పనివ్వదేంటే ఇది!’ అని అమ్మ విసుక్కుంది. కొన్ని యాప్‌లలో బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ వినే పద్ధతి ఉంటుంది. ఉంటే అదే వాడండి. లేకపోతే అడగాల్సింది ముందు మనసులో అనుకుని ఒక్కసారిగా చెప్పమనండి. మిక్సీ, చిమ్నీ ఫ్యాన్ ఆపి మాట్లాడాలి. కుక్కర్ విజిల్‌ని కూడా అది మాటే అనుకుని మధ్యలో ఆగిపోతుంది.

3. మొదట తెలిసిన వంటే అడిగించండి

రాని వంటతో మొదలుపెడితే జవాబు తప్పో ఒప్పో ఆవిడకి తెలియదు. అందుకే మొదటి రోజు ఇడ్లీ అడగమన్నాను. అది నాలుగు కప్పుల బియ్యానికి ఒక కప్పు మినప్పప్పు, రెండూ నానబెట్టి రుబ్బమని చెప్పింది. ‘అది అరవవాళ్ళ లెక్క. మనం ఒకటికి రెండు రవ్వ కదా’ అని అమ్మ నవ్వింది. ఇడ్లీ రవ్వతో చెప్పమని మళ్ళీ అడిగితే సరిగ్గానే చెప్పింది. ఈ ఒక్క ప్రశ్నతో ఆవిడకి రెండు సంగతులు అర్థమయ్యాయి. అది చెప్పేది ఎవరో ఒకరింటి పద్ధతి, మనింటిది కాకపోవచ్చు. మనం గట్టిగా అంటే వెంటనే సరేనంటుంది కాబట్టి, అది ఒప్పుకుందని మన మాట నిజమైపోదు.

4. రాని వంట: ఎక్కడున్నామో ముందు చెప్పాలి

ఇక్కడే మేం దెబ్బ తిన్నాం. మా చిన్నాడు అరటిపండు బ్రెడ్ కావాలన్నాడు. అమ్మ గుడ్డు ముట్టదు. గుడ్డు లేకుండా ఎలా చేయాలో తనే అడిగింది. అది ఊపిరి తీసుకోకుండా పన్నెండు సంగతులు వరసగా చెప్పేసింది. అమ్మ నాలుగు సార్లు విని, కాగితం మీద రాసుకుని, పిండి కలిపి, ఓవెన్ 180లో పెట్టింది. గంట తర్వాత నేను వచ్చి చూస్తే గిన్నెలో గోరువెచ్చటి పిండి, పైన కొంచెం తోలు కట్టింది, అంతే.

తప్పు 180 అంకెలో లేదు. తెలుగులో అడిగింది కాబట్టి ఇండియాలో చెప్పినట్టు సెల్సియస్‌లో చెప్పింది. మా ఓవెన్ ఫారన్‌హీట్. 180 సెల్సియస్ అంటే ఇక్కడ సుమారు 350 అని తిప్పాలి. ఫారన్‌హీట్‌లో 180 అంటే మరిగే నీళ్ళంత వేడి కూడా కాదు, దాంతో బ్రెడ్ ఏం కాలుతుంది?

మర్నాడు అమ్మ చేత ఇలా అడిగించాను: ‘నేను డాలస్‌లో ఉన్నాను. ఓవెన్ ఫారన్‌హీట్. కొలతలు కప్పుల్లో, స్పూన్లలో చెప్పు. గుడ్డు లేకుండా అరటిపండు బ్రెడ్ కావాలి, బాగా మగ్గిన పండ్లు మూడున్నాయి. ఒక్కో పనీ చెప్పి ఆగు, నేను తర్వాత అంటేనే ముందుకెళ్ళు.’ ఈ చివరి వాక్యమే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. పండ్లు మెదపడం, పావు కప్పు పెరుగు, మూడో వంతు కప్పు నూనె, ముప్పావు కప్పు పంచదార, కప్పున్నర మైదా, ఒక టీ స్పూను వంట సోడా... అమ్మ చేయి కడుక్కుని ‘తర్వాత’ అంటూ పోయింది. సోడా దగ్గర మాత్రం ఒకసారి ఆపాను, ఇక్కడ అల్మారాలో బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ పక్కపక్కనే ఉంటాయి. వంట సోడా అంటే మొదటిది. 350లో యాభై అయిదు నిమిషాలు. మధ్యలో గుచ్చిన చాకుకి పిండి అంటకపోతే ఉడికినట్టే.

5. గుర్తు చేయమంటే గుర్తు చేస్తుందా?

అమ్మ పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి. ‘రేపు ఆరింటికి గుర్తు చెయ్యి’ అంటే అది తప్పకుండా చేస్తానంది. మర్నాడు ఫోన్ మోగలేదు. కొన్ని చాట్‌బాట్‌లకి ఫోన్‌లోని అలారంని తాకే వీలు ఉండదు. అయినా మాటవరసకి సరే అనేస్తాయి. ఉందో లేదో తెలుసుకోవడం తేలిక: ‘రెండు నిమిషాల్లో గుర్తు చెయ్యి’ అని చెప్పి, స్క్రీన్ ఆపేసి, ఫోన్ బల్ల మీద పెట్టండి. మోగితే పని చేస్తున్నట్టు. మోగకపోతే రిమైండర్ల వరకు ఫోన్‌లో ముందే ఉండే అసిస్టెంట్‌నే వాడమనండి, వంటలకి చాట్‌బాట్ ఉండనివ్వండి. మోగినా సరే, రోజూ రావాల్సిన దాన్ని ‘రోజూ’ అని చెప్పాలి, లేకపోతే ఒక్కరోజుతో ఆగిపోతుంది. పెట్టాక గడియారం యాప్ తెరిచి జాబితాలో కనిపిస్తుందో లేదో చూడమనండి. రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టే అలవాటుంటే అదీ చూసుకోవాలి.

మాత్రల విషయంలో గుర్తు చేయడం వరకే. ఎంత వేసుకోవాలి, మర్చిపోతే రెండు వేసుకోవచ్చా లాంటివి అడగొద్దని అమ్మతో గట్టిగా చెప్పాను. బ్యాంకు పిన్, పాస్‌పోర్ట్ నంబరు కూడా దానికి చెప్పొద్దన్నాను.

మా పిన్నికి ఫోన్ చేయడానికి అమ్మ పెట్టుకున్న రిమైండర్ పొద్దున తొమ్మిదిన్నరకి. అప్పుడు తెనాలిలో రాత్రి ఎనిమిది. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరిగాయి. సోమవారం ఫోన్ తొమ్మిదిన్నరకే మోగింది, తెనాలిలో మాత్రం రాత్రి తొమ్మిదైంది. ‘సీరియల్ టైముకి చేస్తావేంటక్కా?’ అని పిన్ని కసురుకుంది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ తనే దాన్ని ఎనిమిదిన్నరకి మార్పించి, గడియారం యాప్‌లో చూసుకుంటోంది.