దసరాకు పాత కారు కొంటున్నారా? బేరం కుదిరాక మొదలయ్యే లెక్క

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పాత కార్ల బేరాలు దసరాకు ముందే ఎక్కువగా కుదురుతాయి. సిరిమానోత్సవానికి కొత్త బండిలో వెళ్లాలని కొందరికి ఉంటుంది, పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడ్డాయని ఇంకొందరి తొందర. తుపాన్ల కాలమూ అదే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చింది. కారు చేతికొచ్చి, కాగితాలు ఇంకా పాత యజమాని పేరు మీదే ఉన్న ఆ మూడు నాలుగు వారాలే కొన్నవారికి అసలు ప్రమాదం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2018 మోడల్, 1200 సీసీ లోపు పెట్రోలు కారు, ఏపీ 35 నంబరు. అమ్మేవారిది విజయనగరం, కొనేవారిది రాజాం. బేరం 3,60,000 దగ్గర తెగింది. కన్సల్టెన్సీ ఆయన "ట్రాన్స్‌ఫర్ ఖర్చు మీరు పెట్టుకోండి, మిగతావన్నీ క్లియర్" అంటాడు. ఈ మాట విన్నవాళ్లు ఆర్‌టీఏ ఖర్చు గురించే బెంగపడతారు. నిజానికి అన్నింటిలో చిన్న ఖర్చు అదే. కారు పేరు మార్పిడికి కేంద్ర నిబంధనల్లో ఉన్న ఫీజు 300 రూపాయలు, స్మార్ట్ కార్డుకు 200. సర్వీసు చార్జీలు, తపాలా కలిపి మొత్తం వెయ్యి అనుకుందాం. ఏజెంటు ద్వారా వెళితే ఆయన అడిగేది వేరు, అది ప్రభుత్వ ఫీజు కాదు. ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు డబ్బు ఇచ్చే రోజే పెట్టించుకోవాలి. రాష్ట్రంలోనే అమ్మకం జరిగితే సమాచారం ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. సి-బుక్కులో ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటే అప్పు తీరిందన్న నోటిమాట చాలదు. ఫారం 35, ఆ సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ రెండూ కంటితో చూశాకే అడ్వాన్సు ఇవ్వాలి.

పెద్ద ఖర్చు ఇన్సూరెన్సు. "ఇంకా ఐదు నెలలు ఫుల్ ఇన్సూరెన్సు ఉంది" అని అమ్మేవారు చెబుతారు, పాలసీ చూపిస్తారు, అది నిజమే. కాని ఆ కాగితంలో రెండు వేర్వేరు హామీలు ఉంటాయి. మీ కారు తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే చెల్లించే థర్డ్ పార్టీ భాగం, మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం కారుతో పాటే కొత్త యజమానికి వస్తుంది. మీ కారుకే నష్టం జరిగితే చెల్లించే ఓన్ డ్యామేజీ భాగం అలా రాదు. అది పాత యజమానికీ కంపెనీకీ మధ్య ఒప్పందం. 1995లోనే సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. కాబట్టి పాలసీ మీ పేరుకు మారకముందే వాన నీటిలో కారు మునిగినా, గాలికి కొబ్బరిచెట్టు మీద పడినా, కంపెనీ క్లెయిమ్ నిరాకరించవచ్చు. చేతిలో పాలసీ ఉంటుంది, అందులో పేరు మాత్రం మీది కాదు. అందుకే అమ్మకం జరిగిన 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. దసరా బేరాల్లో నేనైతే రెండో రోజే ఇమ్మంటాను. సి-బుక్కు వచ్చేదాకా ఆగుదామనుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. సంతకాలైన ఫారం 29, 30, అమ్మకపు కాగితం పట్టుకుని కంపెనీని అడిగితే పని మొదలవుతుంది.

ఇక్కడే మరో ఖర్చు తగులుతుంది. అమ్మేవారు ఏళ్లుగా క్లెయిమ్ చేయకపోతే వారికి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం దాకా ఉంటుంది. ఆ బోనస్ మనిషిది, కారుది కాదు. వారు దాన్ని తమ తర్వాతి కారుకు తీసుకెళతారు. మన ఉదాహరణలో ఓన్ డ్యామేజీ ప్రీమియం బోనస్ లేకుండా 7,000 అనుకుందాం. అమ్మేవారు కట్టింది 3,500 మాత్రమే. పాలసీ మీ పేరుకు మారేటప్పుడు మిగిలిన ఐదు నెలలకు ఆ తేడా మీరు కట్టాలి. అది 1,458, జీఎస్‌టీతో కలిపి సుమారు 1,721.

ఐదు నెలల తర్వాత రెన్యువల్ వస్తుంది. ఓన్ డ్యామేజీ 7,000, థర్డ్ పార్టీ 3,416 (1000 నుంచి 1500 సీసీ కార్లకు 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన రేటు), మీద 18 శాతం జీఎస్‌టీ. మొత్తం 12,291. అమ్మేవారు పోయినసారి ఇదే కారుకు 8,161 కట్టి ఉంటారు. "ఏడాదికి ఎనిమిది వేలే అవుతుంది" అని వారు చెప్పింది అబద్ధం కాదు, వారి లెక్క అది. యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా ప్రీమియం దీనికి అదనం.

పాలసీ గడువు ముందే ముగిసి ఉంటే సంగతి వేరు. ఓన్ డ్యామేజీ మళ్లీ ఇవ్వడానికి కంపెనీ కారును పరిశీలిస్తుంది. అలాంటి కారును వాయుగుండం వార్తలు వస్తున్న వారంలో ఇంటికి తెచ్చుకోకపోవడమే మంచిది. పరిశీలన అయ్యి పాలసీ చేతికొచ్చేదాకా అమ్మేవారి దగ్గరే ఉంచమనండి.

తర్వాతది చలాన్లు. echallan.parivahan.gov.in లో బండి నంబరు కొట్టి చూసి "ఏమీ లేవు" అని ఊరుకోకూడదు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఈ-చలాన్ సైటు కూడా చూడాలి. మన జిల్లాల కార్లు హైదరాబాదులో చాలాకాలం తిరిగి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి తెలంగాణ పోలీసుల సైటునూ వదలకూడదు. గడువులో కట్టని కొన్ని చలాన్లు వర్చువల్ కోర్టుకు వెళతాయి, అవి vcourts.gov.in లో కనబడతాయి. చాసిస్ నంబరు చివరి అంకెలు అడిగితే సి-బుక్కు చూసి కొట్టండి. అంకెలు చెప్పడానికి అమ్మేవారు వెనకాడితే ఆ బేరం గురించి మళ్లీ ఆలోచించాల్సిందే.

మన కారు మీద 4,000 రూపాయల చలాన్లు తేలాయనుకుందాం. అవి తీరకపోతే పేరు మార్పిడి ఆగిపోవచ్చు. అప్పుడు అవసరం అమ్మేవారిది కాదు, మీది. కనుక చివరికి కట్టేది మీరే. అన్నీ కలిపితే 3,60,000 కాస్తా ఐదారు నెలల్లో 3,79,000 అయింది, టైర్ల జోలికి ఇంకా వెళ్లనే లేదు.

ఈ రోజు సైటులో ఏమీ లేకపోవడం అంటే నిన్నటి చలానా లేదని కాదు. హైవే కెమెరా పట్టిన అతివేగం కొన్ని రోజుల తర్వాత కనబడుతుంది. అందుకే ధరలో పది వేలు ఆపి, పేరు మారి సి-బుక్కు చేతికొచ్చాక ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. అదే కాగితంలో కారు అప్పగించిన తేదీ, గంట, మీటరు రీడింగ్ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఆ గంటకు ముందువి వారివి, తర్వాతివి మీవి. పేరు మారిన తర్వాత సి-బుక్కు వివరాల్లో మీ ఫోను నంబరే ఉందో లేదో చూసుకోండి. లేకుంటే మీ చలాన్ల సందేశాలు ఏడాదిపాటు వారికి వెళుతూ ఉంటాయి. ఫాస్టాగ్ కూడా పాత యజమాని చేతనే మూయించాలి. అది మూయకపోతే కొత్తది ఇచ్చే బ్యాంకు అభ్యంతరం చెబుతుంది. ఆ సంగతి మడపాం టోల్‌గేటు దగ్గర తెలిస్తే వెనకున్న లారీల హారన్లు వినాల్సి వస్తుంది.

ఇచ్ఛాపురం వైపు ఒడిశా నంబరు కార్లు చవకగా కనిపిస్తాయి. పై లెక్క వాటికి వర్తించదు. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి, ఆంధ్రప్రదేశ్ జీవితకాల పన్ను కారు వయసును బట్టి కట్టాలి. ఆ పన్ను ఎంతో ఆర్‌టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే ధర మాట్లాడండి.