ఆఫర్ లెటర్‌లో అంకెలు కూడితే సీటీసీ రావడం లేదా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిల్లలకు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం వస్తే ఇంట్లో ముందు చూసేది ఆఫర్ లెటర్‌లోని సీటీసీనే, అంటే కంపెనీ ఆ ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. దాని పైనున్న వరసలను కూడి చూసేవాళ్లు తక్కువ. పేరోల్ పని చేసేవాడిగా నేను చెప్పేది ఒకటే, సంతకం పెట్టేముందు ఆ కూడిక మీరే చేయండి. లెక్క తప్పితే, ఆ తేడా ఎంతన్నదాన్ని బట్టే చాలాసార్లు కారణం తెలిసిపోతుంది.

సమస్య

కావలిలో ఉండే మా అన్న కూతురు చెన్నై కంపెనీ ఇచ్చిన లెటర్ పంపి, "చిన్నాన్నా, మొత్తం 4,20,000 అని రాశారు. నేను కూడితే అంత రావడం లేదు. నేనే తప్పు కూడుతున్నానా?" అని అడిగింది. పట్టిక ఇదీ:

| వివరం | నెలకు | ఏడాదికి |
|---|---|---|
| బేసిక్ | 14,000 | 1,68,000 |
| హెచ్‌ఆర్‌ఏ | 5,600 | 67,200 |
| స్పెషల్ అలవెన్స్ | 11,367 | 1,36,404 |
| పీఎఫ్ (కంపెనీ వాటా) | 1,680 | 20,160 |
| గ్రాట్యుటీ | 673 | 8,076 |
| మొత్తం సీటీసీ | – | 4,20,000 |

తను సరిగ్గానే కూడింది. అయిదు వరసలు కలిపితే 3,99,840 వస్తుంది. అంటే 20,160 రూపాయలు తక్కువ.

ముందు చేయాల్సిన పని

ప్రతి వరసలో నెల అంకెను 12తో గుణించి, పక్కనున్న ఏడాది అంకెతో సరిపోతుందో లేదో చూడండి. నెల అంకెలను రూపాయికి సర్దుతారు కాబట్టి ఒక్కో వరసలో ఏడాదికి ఆరు రూపాయల దాకా తేడా రావచ్చు. అయిదు వరసలకు కలిపి ముప్పై లోపు తేడా ఉంటే దాన్ని వదిలేయండి. గ్రాట్యుటీని కొందరు బేసిక్‌లో 4.81 శాతంగా, కొందరు ఏడాదికి నెల బేసిక్‌లో 15/26 వంతు లెక్కన కడతారు, అక్కడా నాలుగైదు రూపాయలు అటూ ఇటూ అవుతాయి. అంతకు మించితే లెక్కలో తప్పైనా ఉండాలి, పట్టికలో రాని వరసైనా ఉండాలి. షీట్‌లో పెట్టి చూసేవాళ్లకు ఈ ఒక్క ఫార్ములా చాలు, ఇందులో C7 లెటర్‌లో రాసిన మొత్తం:

```
=C7-SUM(C2:C6)
```

కారణం: తేడాను బేసిక్‌తో పోల్చండి

ఇక్కడ తేడా 20,160. దాన్ని 12తో భాగిస్తే 1,680. బేసిక్ 14,000లో సరిగ్గా 12 శాతం. పీఎఫ్‌లో కంపెనీ వాటా అంతే, ఉద్యోగి వాటా కూడా అంతే. కంపెనీ వాటా పట్టికలో ఇప్పటికే ఉంది కాబట్టి, మాయమైన అంకె ఉద్యోగి వాటా అయి ఉండాలి.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. స్పెషల్ అలవెన్స్ ఎవరూ విడిగా నిర్ణయించే అంకె కాదు. సీటీసీ నుంచి మిగతావన్నీ తీసేశాక ఏం మిగిలితే దాన్ని ఆ వరసలో వేస్తారు. అందుకే ఎక్కడ తప్పు జరిగినా చివరికి ఈ వరసలోనే తేలుతుంది. ఈ లెటర్ తయారు చేసినవాళ్లు కంపెనీ వాటాతో పాటు ఉద్యోగి వాటాను కూడా తీసేసి మిగిలింది వేశారు. నిజానికి ఉద్యోగి వాటాను స్థూల జీతంలోంచి నెలనెలా కోస్తారు. సీటీసీ లెక్కలో దాన్ని విడిగా తీసేయకూడదు.

దీన్ని అలాగే వదిలేస్తే ఉద్యోగి వాటా రెండుసార్లు కోతపడొచ్చు. బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్స్ కలిపితే నెలకు 30,967. కంపెనీ దీన్నే స్థూల జీతంగా తీసుకుని మళ్లీ 1,680 కోస్తే, వృత్తి పన్ను లాంటివి పక్కన పెట్టినా చేతికి 29,287 వస్తుంది. అలా కాక ఉద్యోగి వాటా పోగా మిగిలిందే ఈ 30,967 అయితే అసలు స్థూల జీతం 32,647 కావాలి. చెన్నైలో హాస్టల్‌కు కట్టాల్సినవాళ్లకు నెలకు 1,680 చిన్న మొత్తం కాదు. ఈ రెండింటిలో ఏది నిజమో పట్టిక చూసి చెప్పలేం, కంపెనీయే రాసివ్వాలి.

బేసిక్ 15,000 దాటిన లెటర్లలో ఇదే తప్పు 21,600గా కనిపించవచ్చు. పీఎఫ్‌కు చట్టం పెట్టిన జీతం పరిమితి 15,000 కాబట్టి, చాలా కంపెనీలు దాని మీదే నెలకు 1,800 చొప్పున కడతాయి.

తేడా వేరేలా ఉంటే

తేడా సీటీసీలో సరిగ్గా పది శాతమో, 40,000 లాంటి గుండు అంకో అయితే పట్టిక కింద చిన్న అక్షరాలు చదవండి. వేరియబుల్ పే అక్కడ ఉండొచ్చు. అది పనితీరును బట్టి వచ్చేది కాబట్టి నెల జీతంలో లెక్క వేసుకోకండి. మొదటి ఏడాది మాత్రమే ఇచ్చే జాయినింగ్ బోనస్‌ను, ఇన్సూరెన్స్ ప్రీమియాన్ని కూడా అలా మొత్తంలో కలిపేస్తుంటారు.

వరసల కూడిక మొత్తం కంటే ఎక్కువ వచ్చిందా? ఉద్యోగి పీఎఫ్ వాటాను కూడా ఒక వరసగా వేశారేమో చూడండి. లేదంటే గ్రాట్యుటీని చివర్లో చేర్చి, స్పెషల్ అలవెన్స్ తగ్గించడం మరిచిపోయి ఉంటారు. అలాంటప్పుడు కంపెనీ మొత్తాన్ని పెంచడం కంటే స్పెషల్ అలవెన్స్‌నే తగ్గించే అవకాశం ఎక్కువ. దానికి సిద్ధపడే అడగండి.

పరిష్కారం

హెచ్‌ఆర్‌కు ఫోన్ చేయకండి, మెయిల్ పెట్టండి. మా అన్న కూతురి చేత నేను రాయించిన విషయం ఇదీ: "పట్టికలోని అయిదు వరసల మొత్తం 3,99,840. లెటర్‌లో సీటీసీ 4,20,000 అని ఉంది. తేడా 20,160, ఇది పీఎఫ్‌లో ఉద్యోగి వాటాతో సమానం. నెలకు 30,967 అనేది నా పీఎఫ్ కోతకు ముందా, తర్వాతా? దయచేసి సరిచేసిన పట్టికతో లెటర్ మళ్లీ పంపండి." ఇంగ్లీషులో రాసినా ఇంతకు మించి అక్కర్లేదు. "మోసం" లాంటి మాటలు వద్దు. ఇలాంటివి ఎక్కువగా పాత షీట్‌లోని ఫార్ములా తప్పులే.

"కంగారు పడకండి, పేరోల్‌లో సరైపోతుంది" అని ఫోన్‌లో చెప్పినా దాంతో ఆగిపోకండి. పేరోల్‌వాళ్లు లెటర్‌లోని అంకెలనే సిస్టమ్‌లో ఎక్కిస్తారు. కొత్త లెటర్ చేతికి వచ్చేదాకా అంగీకారం పంపొద్దు. ఇప్పటికే ఎక్కడైనా పని చేస్తుంటే రాజీనామా కూడా పెట్టొద్దు.

కొత్త లెటర్‌లో స్పెషల్ అలవెన్స్ 13,047 ఉండాలి, అంటే ఏడాదికి 1,56,564. అప్పుడు అయిదు వరసలూ సరిగ్గా 4,20,000 అవుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కొన్నిసార్లు వరసలు ముట్టుకోకుండా కింది మొత్తాన్నే 3,99,840గా దిద్ది "సరిచేశాం" అంటారు. లేదా 20,160ని వేరియబుల్ పే అని కొత్త వరసగా వేస్తారు. రెండిట్లోనూ కూడిక సరిపోతుంది, కానీ మీతో మాట్లాడుకున్న జీతం అది కాదు. ఇంటర్వ్యూ తర్వాత 4,20,000 అని చెప్పిన మెయిల్ ఉంటే దాన్ని జవాబుకు జత చేయండి.

చేరాక మొదటి పే స్లిప్‌లో పీఎఫ్ కోత 1,680 ఒక్కసారే ఉందో లేదో చూడండి. ఆ తర్వాత యూఏఎన్ అనే మీ పీఎఫ్ నంబర్‌తో పాస్‌బుక్ తెరిస్తే ఉద్యోగి వాటా కింద 1,680, కంపెనీ వాటా కింద 514, పెన్షన్ కింద 1,166 కనిపించాలి. చివరి రెండూ కలిపితే కంపెనీ కట్టాల్సిన 1,680.