పదివేల సబ్‌స్క్రైబర్లకు థాంక్స్ వీడియో: గొప్పలు వినపడకుండా స్క్రిప్ట్ ఎలా రాయాలి?

పదివేలు దాటగానే చాలా ఛానళ్లలో ఒకే వీడియో వస్తుంది. వెనక బెలూన్లు, ముందు కేకు, మధ్యలో "మీ ఆదరాభిమానాలకు శిరస్సు వంచి నమస్కరిస్తున్నాను". ఆ తర్వాత ఆరు నిమిషాల కష్టాల కథ. చివర్లో "లక్షకి తీసుకెళ్లే బాధ్యత మీదే". చూసేవాళ్లకి తమకు థాంక్స్ చెప్పినట్టు ఉండదు, ఎవరిదో సన్మాన సభలో వెనక వరుసలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. చిన్న ఛానళ్లకు స్క్రిప్టులు రాసే పని నాది. ఇలాంటివి దిద్దీ దిద్దీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఛానల్ అనుకుందాం. ఒకావిడ ఇంట్లో మిషన్ పెట్టుకుని బ్లౌజ్ కటింగ్, కుట్టుపని నేర్పుతున్నారు. కౌంట్ పదివేలకు దగ్గర పడింది.

కావలసినవి

ఫోన్, కిటికీ వెలుతురు, రూళ్ల నోటుబుక్కు, పెన్ను. రోజూ వీడియో తీసే చోటే కూర్చోండి, వెనక మిషన్ కనబడనివ్వండి. పట్టుచీర వద్దు, కేకు వద్దు. టెలీప్రాంప్టర్ యాప్ అసలే వద్దు, కళ్లు అక్షరాల వెంట పరిగెడుతున్నాయని చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. నిడివి రెండు నిమిషాలు. తొందర లేకుండా మాట్లాడితే తెలుగులో నిమిషానికి వంద మాటలకు అటూ ఇటూగా వస్తాయి. కాబట్టి స్క్రిప్టు రెండు వందల మాటలు దాటకూడదు.

1. పదివేలు రాగానే రికార్డు చేయకండి

మూసేసిన ఖాతాలను, స్పామ్ ఖాతాలను యూట్యూబ్ అప్పుడప్పుడూ ఏరేస్తుంది. అందుకే కౌంట్ కాస్త వెనక్కీ ముందుకీ ఆడుతుంది. థాంక్స్ చెప్పిన రాత్రే 9,990కి వస్తే చూడ్డానికి బాగోదు. ఛానల్ పేజీలో "10K" అనే చూపిస్తుంది, అసలు అంకె మాత్రం యూట్యూబ్ స్టూడియోలో ఉంటుంది. అది వందో రెండు వందలో పైకి వెళ్లి నిలబడ్డాక మొదలుపెట్టండి.

బటన్ మాట ఎత్తకండి. సిల్వర్ బటన్ వచ్చేది లక్షకి. పదివేల దగ్గర దాని గురించి మాట్లాడితే థాంక్స్ వీడియో కాస్తా అర్జీ అయిపోతుంది.

2. కామెంట్లలో వెతకండి

స్టూడియోలో కామెంట్లన్నీ ఒకచోట ఉంటాయి, పైన వెతికే సదుపాయం ఉంటుంది. అక్కడ "సూపర్ అక్కా" అని వెతికితే దొరికేవి మీకు పనికిరావు. "రాలేదు", "అర్థం కాలేదు", "కానీ అక్కా" అని వెతకండి. మనవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కువగా టైప్ చేస్తారు కాబట్టి `raledu`, `ardam kaledu`, `kani akka` అని కూడా వెతకాలి. స్పెల్లింగ్ ఎవరిది వాళ్లదే, నాలుగు రకాలుగా కొట్టి చూడండి.

మీకు కావాల్సింది ఒకే ఒక్క కామెంట్. అది మీ పనిలో ఏదో ఒకటి మార్చి ఉండాలి. అది దొరికేదాకా స్క్రిప్టు మొదలుపెట్టకండి.

3. మొదటి మాట

ఛానల్ మ్యూజిక్ తీసేయండి. "హాయ్ హలో నమస్తే" కూడా తీసేయండి. "ఈ రోజు కటింగ్ లేదు. రెండు నిమిషాలు మాట్లాడతాను." ఇది చాలు. పదివేలు అన్న అంకె స్క్రిప్టు మొత్తంలో ఒక్కసారే రావాలి, అదీ రెండో మూడో వాక్యంలో. రెండోసారి అన్నప్పుడు అది లెక్క చెప్పడం కాదు, చాటింపు.

4. థాంక్స్ చెప్పే పేరా

అసలు పని ఇక్కడే ఉంది, చెడేదీ ఇక్కడే. ముందు మామూలుగా ఎలా రాస్తారో చూడండి:

"ఈ ఛానల్ మొదలుపెట్టినప్పుడు నన్ను ఎవరూ నమ్మలేదు. రాత్రి రెండింటి దాకా ఎడిటింగ్ చేశాను. ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు. ఈ రోజు పదివేల మంది కుటుంబాన్ని సంపాదించుకున్నాను. ఇదంతా మీ ప్రేమ వల్లే."

రాసినావిడకి ఇది వినయంగానే అనిపిస్తుంది. ఒక్కో వాక్యం ఎవరి గురించో చూడండి. మొదటి నాలుగూ ఆవిడ గురించే. వీక్షకులు వచ్చింది ఐదో వాక్యంలో, అక్కడా వాళ్లేం చేశారో లేదు. "మీ ప్రేమ" అంటే ఏమిటి? ఏ రోజు, ఏ వీడియో కింద? అది తెలియనంతవరకూ ఆ వాక్యం ఏ ఛానల్‌కైనా అతుకుతుంది.

ఇలాంటి డ్రాఫ్టు వస్తే నేను ముందు చేసే పని, క్రియలన్నిటి కింద గీత గీయడం. "నేను" అన్న మాట కొట్టేసినంత మాత్రాన గొప్ప పోదు, "చేశాను, సాధించాను, సంపాదించుకున్నాను" అన్నచోటే అది దాక్కుని ఉంటుంది. థాంక్స్ పేరాలో సగానికి పైగా క్రియలు వీక్షకులవి కావాలి: రాశారు, అడిగారు, చెప్పారు, పంపారు. అలా లేకపోతే పేరా మొత్తం కొట్టేసి మళ్లీ రాయండి. ఒక మాట తీసి ఇంకో మాట పెడితే బాగుపడేది కాదు అది.

కష్టాల కథ విషయంలో ఇంకో చిక్కుంది. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటే ప్రకటనల ఆదాయానికి అర్హత వస్తుందని ఇప్పుడు చాలామంది వీక్షకులకు తెలుసు. పదివేల దగ్గర "రూపాయి ఆశించకుండా మీ కోసమే" అంటే నవ్వుకుంటారు. డబ్బు గురించి ఏమీ అనకపోవడమే మంచిది.

ఇక సరైన పేరా. ఎవరు, ఏం చేశారు, దాంతో పనిలో ఏం మారింది. ఈ మూడూ ఇదే వరుసలో:

"లైనింగ్ బ్లౌజ్ వీడియో కింద ఒకావిడ రాశారు: 'అక్కా మీరు చెప్పినట్టే కుట్టాను కానీ ఒక్కసారి ఉతికేసరికి బిగుతైపోయింది. లైనింగ్ తడపాలని మీరు చెప్పలేదు.' నిజమే, చెప్పలేదు. కాటన్ లైనింగ్‌ను నీళ్లలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు కత్తిరించాలి. అప్పటినుంచి మన లైనింగ్ వీడియోలన్నీ బకెట్‌తోనే మొదలవుతున్నాయి. ఆ బకెట్ పెట్టించింది ఆవిడే. థాంక్స్ అండీ."

ఎక్కడా "మీ వల్లే నేను" అని లేదు. అయినా ఆవిడ వల్ల ఏం జరిగిందో కళ్లకు కడుతోంది. మిగతా వీక్షకులకు కూడా ఆ బకెట్ తెలుసు, ప్రతి వీడియోలో చూస్తూనే ఉన్నారు. కథ వాళ్లదీ అవుతుంది.

ఇక్కడ జారిపడే చోట్లు ఉన్నాయి. మొదటిది, ఆ పేరా తర్వాత ఇంకో వాక్యం చేర్చడం. "తప్పు ఒప్పుకోవడానికి కూడా పెద్ద మనసు కావాలి కదండీ" అన్నారో, అంతదాకా ఆవిడకి ఇచ్చిన థాంక్స్ వెనక్కి తీసుకుని మీ మెడలో వేసుకున్నట్టే. బకెట్ దగ్గర ఆగిపోండి. ఆపడం చాలా కష్టం, రాసిన ప్రతివాళ్లకీ ఆ అదనపు వాక్యం చేతిలోకి వచ్చేస్తుంది.

రెండోది, పొగిడిన కామెంటు ఎంచుకోవడం. "మీ వీడియోలు చూసి షాపు పెట్టుకున్నాను అక్కా" అన్న కామెంటు చదివి వినిపిస్తే, అది ఇంకొకరి నోటితో మీ గొప్ప మీరు చెప్పుకోవడమే. థాంక్స్ అన్న మాట చివర తగిలించినా అంతే. అలాంటివాళ్లకి విడిగా జవాబు రాయండి, వీడియోలోకి తేకండి.

మూడోది అనుమతి. కామెంటు అందరికీ కనబడేదే, నిజం. కానీ పేరు చదివి, ప్రొఫైల్ ఫొటోతో స్క్రీన్‌షాట్ పెడితే అందరికీ ఇష్టం ఉండదు. ముఖ్యంగా కుట్టు, వంట ఛానళ్లు చూసే ఆడవాళ్లు చాలామంది ఇంట్లోవాళ్ల పేరుమీదున్న ఖాతాతో కామెంటు పెడతారు. ఆ కామెంటు కిందే "మీరు చెప్పిన మాట వీడియోలో చెప్పనా?" అని అడగండి. రెండు రోజుల్లో జవాబు రాకపోతే పేరు లేకుండా "ఒకావిడ" అనండి. ఫొటో పెట్టకండి.

కొందరు పేర్ల జాబితా చదువుతారు, వందమందికి వరసగా. నాకు ఆ పద్ధతి నచ్చదు. చదివించుకున్న వందమందికీ సంతోషమే, చదవని వేలమందికి బోరు. పైగా మూడో పేరు తర్వాత గొంతు హాజరు పిలిచేవాళ్ల గొంతైపోతుంది. ఒక్కరి కథ పూర్తిగా చెప్పడమే మేలు.

5. మిగతావాళ్లు

ఇంట్లోవాళ్లకి ఒక వాక్యం, అదీ పని పేరుతో: "ఫోన్ పట్టుకుని పైనుంచి తీసేది మా అమ్మాయి." "నన్ను ప్రోత్సహించిన కుటుంబ సభ్యులందరికీ" అని రాయకండి.

ఇంకోటి. మీ వీడియోలు చూసేవాళ్లందరూ సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు కారు. స్టూడియోలో అనలిటిక్స్ తెరిస్తే వీక్షణ సమయంలో వాళ్ల వాటా, వీళ్ల వాటా వేరువేరుగా చూపిస్తుంది, చూసి ఆశ్చర్యపోతారు. అందుకే థాంక్స్ "చూస్తున్నవాళ్లకి" చెప్పండి.

6. ముగింపు

లైక్, షేర్, బెల్ ఐకాన్ ఏదీ అడగకండి. ఈ ఒక్క వీడియోలో అడక్కపోతే ఛానల్ మునిగిపోదు. తర్వాతి వీడియో ఏమిటో చెప్పి ఆపేయండి.

మొత్తం కలిపితే ఇలా ఉంటుంది:

"ఈ రోజు కటింగ్ లేదు. రెండు నిమిషాలు మాట్లాడతాను. ఈ వారం మన ఛానల్‌కి పదివేల మంది అయ్యారు. చూస్తున్నవాళ్లందరికీ థాంక్స్. ఒకరి గురించి మాత్రం వివరంగా చెప్పాలి. (ఇక్కడ బకెట్ పేరా.) ఇలాగే ఇంకొకరు టేపు మీద అంకెలు కనబడట్లేదన్నారు. అందుకే ఇప్పుడు కొలతలు బోర్డు మీద రాస్తున్నాం. ఫోన్ పట్టుకుని పైనుంచి తీసేది మా అమ్మాయి, ఇప్పుడు కూడా తనే తీస్తోంది. శుక్రవారం బోట్ నెక్ కటింగ్. 38 సైజుకి చెప్పమని అడిగారు, దానికే చెబుతాను. ఉంటాను."

7. చదివి చూసుకోవడం, రికార్డింగ్

ఇంట్లో ఎవరైనా కూరగాయలు తరుగుతున్నప్పుడు పక్కన నిలబడి పైకి చదవండి. "నీకు నువ్వే డప్పు కొట్టుకుంటున్నావ్" అనేవాళ్లయితే ఇంకా మంచిది. వాళ్లు ముఖం చిట్లించిన వాక్యం దగ్గర వాదించకుండా కొట్టేయండి. తర్వాత కాగితం పక్కన పెట్టి, గుర్తున్నంతవరకూ చెప్పండి. కామెంటు వాక్యం మాత్రం ఉన్నది ఉన్నట్టు చదవాలి, నోటుబుక్కు చేతిలో పట్టుకుని చదివినా పర్వాలేదు. వాళ్ల మాటని మీరు అందంగా మార్చకూడదు.

స్క్రిప్టులో "ఇక్కడ ఎమోషనల్" అని రాసుకోకండి. ఏడుపొస్తే రానివ్వండి, ఆ టేక్ పక్కనపెట్టి ఇంకోటి తీయండి. పెట్టేది రెండోదే.

థంబ్‌నెయిల్‌లో మీ ముఖం పక్కన పెద్ద అక్షరాల్లో 10K పెట్టాలని చేతులు దురదపెడతాయి. బకెట్ ఫొటో పెట్టండి. టైటిల్‌గా "ఈ బకెట్ ఎవరు పెట్టించారంటే" అని పెట్టి, అంకె వివరణలో రాయండి. అప్‌లోడ్ అయ్యాక ఆ పాత కామెంటు కింద ఈ వీడియో లింకు పెట్టడం మర్చిపోకండి, లేకపోతే ఎవరికి థాంక్స్ చెప్పారో ఆవిడకే తెలియకుండా పోతుంది.