అసమతుల్య క్లాసులతో మోడల్ ట్రెయిన్ చేసే ముందు

ట్రెయినింగ్ డేటాలో 10,000 లావాదేవీలు, వాటిలో 100 మోసాలు అనుకుందాం.

- ముందు డేటాను విడగొట్టండి, ఆ తర్వాత ట్రెయినింగ్ భాగంలోనే రీశాంప్లింగ్ చేయండి, అంటే మోసాలను నకళ్లతో పెంచడం లేదా మామూలు లావాదేవీలను తగ్గించడం. వరుస తిరగబడితే ఒకే మోసం నకళ్లు రెండు వైపులా చేరతాయి. టెస్ట్‌లో రీకాల్ అద్భుతంగా కనిపించి, అసలు వాడకంలో కూలిపోతుంది. క్రాస్ వాలిడేషన్‌లో ప్రతి ఫోల్డ్ లోపలే చేయాలి.

- సగం సగం చేసిన డేటాతో వచ్చిన స్కోరును సంభావ్యతగా చదవకండి. మామూలు లావాదేవీలను 100కి తగ్గిస్తే, మోడల్ చెప్పే 0.9కి అసలు విలువ దాదాపు 8 శాతమే. 0.9 అంటే 9కి 1. మామూలు లావాదేవీలు 99 రెట్లు తగ్గాయి కాబట్టి ఆ 9ని 99తో భాగించాలి. 1కి 11 వస్తుంది, అంటే 12లో 1. పైగా 9,800 వరుసలు వృథా.

- `class_weight='balanced'` పెడితే డేటా పోదు, కానీ స్కోర్లు అలాగే ఉబ్బుతాయి.

- థ్రెషోల్డ్‌ను 0.5 దగ్గర వదిలేయకండి. నా మట్టుకు మొదట ప్రయత్నించేది ఇదే, మళ్లీ ట్రెయిన్ చేయనక్కర్లేదు. మోసాన్ని వదిలేసిన నష్టం తప్పుడు హెచ్చరిక నష్టానికి 20 రెట్లయితే, నమ్మదగిన సంభావ్యతలపై హద్దు 1/21, అంటే సుమారు 0.05. హెచ్చరికలు పెరుగుతాయి కాబట్టి వాటిని పరిశీలించే మనుషులు సరిపోతారో లేదో ముందే చూసుకోండి.

- ఆ హద్దును అసలు నిష్పత్తి ఉన్న వాలిడేషన్ డేటాపై సరిచూడండి, టెస్ట్‌పై కాదు.